ఒకే లీన్ కోడ్, రెండు రోగాలు: స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ చదవడం

(బెంగళూరులోని తెలుగు మెకానిక్‌ల కోసం ఒక ఆదివారం జరిగిన ప్రసంగం, రాతలో)

అందరికీ నమస్కారం. జేసీ రోడ్డు నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు, యలహంక నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. హోసూరు నుంచి కూడా ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు. ఆదివారం షెడ్డు మూసి వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

ఈరోజు ఒక్క కోడ్ గురించే మాట్లాడతాను. `P0171`. సిస్టమ్ టూ లీన్ అని స్కానర్ చెబుతుంది. అంటే గాలి ఎక్కువైంది, లేదా పెట్రోలు తక్కువైంది. ఏది అన్నది కోడ్ చెప్పదు. ఇక్కడే మనవాళ్లు ఎవరికి తోచిన దారి వాళ్లు పడతారు. ఒకరు ఆక్సిజన్ సెన్సర్ మారుస్తారు, ఒకరు ఇంజెక్టర్లు క్లీన్ చేస్తారు, ఇంకొకరు పంపు మారుస్తారు. కస్టమర్ డబ్బు పోతుంది, లైటు మళ్లీ వెలుగుతుంది. అదే స్కానర్‌లో ఇంకో రెండు వరుసలు ఉన్నాయి. `SHRTFT1`, `LONGFT1`. కొన్ని స్కానర్లలో `STFT B1`, `LTFT B1` అని ఉంటుంది. రోగం గాలి వైపు ఉందా, పెట్రోలు వైపు ఉందా అన్నది చాలావరకు ఆ రెండు వరుసల్లోనే ఉంటుంది.

ముందు ఆ రెండూ ఏమిటో చూద్దాం. ఈసీయూకి ఒక లెక్క ఉంది. ఇంత గాలి వచ్చింది కాబట్టి ఇంజెక్టర్ ఇంతసేపు తెరవాలి అని. మామూలు పెట్రోలుకు ఒక గ్రాము పెట్రోలుకు 14.7 గ్రాముల గాలి. లెక్క ప్రకారం పెట్రోలు వేశాక, సైలెన్సర్ వైపు ఉన్న ఆక్సిజన్ సెన్సర్ చూసి చెబుతుంది, సరిపోలేదు అనో, ఎక్కువైంది అనో. అప్పటికప్పుడు ఈసీయూ చేసే సర్దుబాటు షార్ట్ టర్మ్. ప్లస్ 8 అంటే లెక్క కన్నా 8 శాతం ఎక్కువ పెట్రోలు వేస్తోందని. మైనస్ అయితే తగ్గిస్తోందని. ఆ ప్లస్ 8 అలాగే నిలబడిపోతే, ఇది ఎప్పుడూ ఉండేదే అని ఈసీయూ నేర్చుకుంటుంది. దాన్ని లాంగ్ టర్మ్‌లోకి ఎక్కిస్తుంది, షార్ట్ టర్మ్ మళ్లీ సున్నా దగ్గరికి వస్తుంది. కూరలో ఉప్పు చూసి అప్పటికప్పుడు చిటికెడు వేయడం షార్ట్ టర్మ్. ఈ ఉప్పు చప్పగా ఉంటుందని తెలిసి మొదటే కాస్త ఎక్కువ వేయడం లాంగ్ టర్మ్.

అందుకే రెండూ కూడి చూడాలి. ఇది చాలామంది వదిలేస్తారు. షార్ట్ టర్మ్ మైనస్ 14, లాంగ్ టర్మ్ ప్లస్ 17 కనిపిస్తే బండి లీన్ కాదు, ఆ క్షణంలో మొత్తం ప్లస్ 3 మాత్రమే. కొన్ని బండ్లలో ఈసీయూ ఐడ్లింగ్‌లో నేర్చుకున్న లాంగ్ టర్మ్‌నే పై ఆర్‌పీఎమ్‌కి కూడా మోస్తుంది, అక్కడ అంత అక్కర్లేదు కాబట్టి షార్ట్ టర్మ్ వెనక్కి లాగుతుంది. లాంగ్ టర్మ్ ఒక్కటే చూసి "అబ్బో 17" అనుకుంటే తప్పుదారి పడతాం. మొత్తం ప్లస్ మైనస్ 5 లోపు ఉంటే ఆరోగ్యం, 10 దాకా ఓర్చుకోవచ్చు. మొత్తం 25 ప్రాంతానికి చేరితే చాలా బండ్లు కోడ్ వేసేస్తాయి. ఆ హద్దు కంపెనీని బట్టి మారుతుంది.

ఇంకొక షరతు. ఈ అంకెలకు అర్థం ఉండాలంటే బండి క్లోజ్డ్ లూప్‌లో ఉండాలి. స్కానర్‌లో `FUELSYS1` దగ్గర `CL` అని ఉందో లేదో చూడండి. కూలెంట్ 80 డిగ్రీలు దాటాకే చూడండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు `OL` అని ఉంటుంది, అప్పుడు ఈసీయూ ఆక్సిజన్ సెన్సర్ మాట వినడం లేదు, కాబట్టి షార్ట్ టర్మ్ సున్నా ఉన్నా దానికి అర్థం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఒక్క చోట ట్రిమ్ చూస్తే ఏమీ తెలియదు. ఆర్‌పీఎమ్, లోడ్ మారుతుంటే ట్రిమ్ ఎటు కదులుతోంది అన్నదే చూడాలి. నేను మూడు చోట్ల చూస్తాను. ఐడ్లింగ్‌లో ఒకసారి, నిలబెట్టి 2500 ఆర్‌పీఎమ్ దగ్గర ఒకసారి, రోడ్డు మీద ఎత్తు ఎక్కుతూ లోడ్ మీద ఒకసారి. ఎక్కడికో పోనక్కర్లేదు, హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మూడో గేరు చాలు. పక్కన కూర్చోడానికి ఒక మనిషిని మాత్రం తీసుకెళ్లండి. నడిపేవాడు స్కానర్ చూడకూడదు.

గాలి లీకైతే ట్రిమ్ ఎలా నడుస్తుందో ఒక బండి లెక్కతో చెబుతాను. 1.5 లీటర్ల పెట్రోలు సెడాన్, మాఫ్ సెన్సర్ ఉన్న బండి. మాఫ్ అంటే ఫిల్టర్ తర్వాత పైపులో కూర్చుని సెకనుకు ఎన్ని గ్రాముల గాలి వెళ్తోందో కొలిచేది. సిగ్నల్‌లో నిలబడితే వణుకుతోందని, లైటు వెలిగిందని మారతహళ్లి నుంచి వచ్చింది. కోడ్ చెరిపే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ చూశాం. అందులో 780 ఆర్‌పీఎమ్, లోడ్ 22 శాతం, షార్ట్ ప్లస్ 9, లాంగ్ ప్లస్ 17. అంటే కోడ్ పడింది ఐడ్లింగ్‌లో. దయచేసి ఫ్రీజ్ ఫ్రేమ్ రాసుకోకుండా కోడ్ చెరపకండి. చెరిపితే చాలా బండ్లలో నేర్చుకున్న లాంగ్ టర్మ్ కూడా పోతుంది, రోగం కథ అంతా పోతుంది.

తర్వాత 2500 దగ్గర పట్టుకుంటే షార్ట్ ప్లస్ 1, లాంగ్ ప్లస్ 5. ఐడ్లింగ్‌లో మొత్తం 26 ఉన్నది ఇక్కడ 6 అయింది. ఎందుకు తగ్గింది? ఐడ్లింగ్‌లో మాఫ్ దాటి వచ్చే గాలి సెకనుకు 2 గ్రాములే. పగిలిన పైపు నుంచి మాఫ్‌కి తెలియకుండా అర గ్రాము దూరుతోంది. 2కి అర అంటే 25 శాతం. 2500 ఆర్‌పీఎమ్ దగ్గర మాఫ్ చూపేది 8 గ్రాములు. రంధ్రం అదే, దూరే గాలి అదే అర గ్రాము. 8కి అర అంటే 6 శాతం. దూరే గాలి పెరగదా అని అడగొచ్చు. మెనిఫోల్డ్ లోపలి ఒత్తిడి బయటి ఒత్తిడిలో సగం దగ్గరికి పడిపోయాక, రంధ్రంలోంచి వచ్చే గాలి వేగం ఒక హద్దుకు చేరి ఆగిపోతుంది. ఇంకా ఎంత లాగినా ఎక్కువ రాదు. లోడ్ మీద యాక్సిలరేటర్ తొక్కితే మెనిఫోల్డ్‌లో లాగే బలమే తగ్గుతుంది, లీకు ఇంకా చిన్నదైపోతుంది. అందుకే మాఫ్ బండిలో ఐడ్లింగ్‌లో ఎక్కువ, పైకి వెళ్లేకొద్దీ తక్కువ అనే వాలు కనిపిస్తే ముందు గాలి లీకు వెతకండి.

వెతకడానికి కూడా ఆ షార్ట్ టర్మే పనికొస్తుంది. ఐడ్లింగ్‌లో పెట్టి, కార్బ్ క్లీనర్ సన్నని గొట్టంతో మెనిఫోల్డ్ ప్యాకింగ్ చుట్టూ, బూస్టర్ పైపు చివర, పీసీవీ పైపు దగ్గర కొద్దికొద్దిగా కొట్టండి. లీకు ఉన్న చోట ఇంజిన్ ఆ క్లీనర్‌ని పీల్చుకుంటుంది, అది ఇంధనంగా మండుతుంది, షార్ట్ టర్మ్ ఒక్కసారి కిందికి పడుతుంది. ఈ బండిలో మెనిఫోల్డ్ కింద ఉన్న పీసీవీ పైపు దగ్గర కొట్టగానే ప్లస్ 9 నుంచి మైనస్ 6కి పడి, మళ్లీ పైకి వచ్చింది. పైనుంచి చూస్తే ఆ పైపు కొత్తదిలా ఉంది, అడుగున చీలింది. ఎగ్జాస్ట్ వేడిగా ఉంటుంది కాబట్టి ఆ వైపు క్లీనర్ కొట్టకండి, అగ్నిమాపక సిలిండర్ చేతికి అందేలా పెట్టుకోండి. పొగ మెషిన్ ఉంటే ఈ గోలంతా అక్కర్లేదు.

పెట్రోలు ట్యాంకు ఆవిరిని పట్టి ఉంచే డబ్బా నుంచి ఇంజిన్‌లోకి వదిలే పర్జ్ వాల్వ్‌ని మరచిపోవద్దు. అది తెరుచుకుని ఇరుక్కుపోతే ట్యాంకు వైపు నుంచి గాలి వస్తుంది, అదీ లీకే. దాని గొట్టం పీకి వాల్వ్ వైపు వేలితో మూస్తే ట్రిమ్ దిగిందంటే దొంగ దొరికినట్టే. డబ్బాలో పెట్రోలు ఆవిరి నిండి ఉంటే మాత్రం ట్రిమ్ ప్లస్ బదులు మైనస్‌కి పోవచ్చు.

ఇక పెట్రోలు వైపు. అదే మోడల్ బండి ఇంకొకటి, చిక్కబళ్లాపురం నుంచి వచ్చింది. ఊళ్లో బాగానే ఉంటుంది, నంది కొండ ఎక్కేటప్పుడు పికప్ పోతుందని కంప్లయింట్. అదే `P0171`. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో 2900 ఆర్‌పీఎమ్, లోడ్ 78 శాతం. అక్కడే సగం కథ తెలిసిపోయింది, కోడ్ పడింది లోడ్ మీద. ఐడ్లింగ్‌లో షార్ట్ ప్లస్ 1, లాంగ్ ప్లస్ 3. నిలబెట్టి 2500 దగ్గర 2, 5. ఈ రెండు చూసి బండి బాగుందనుకుంటాం. మూడో గేరులో ఎత్తు ఎక్కుతుంటే షార్ట్ ప్లస్ 8, లాంగ్ ప్లస్ 16. మొత్తం 24.

నిలబెట్టి రేసు పెంచడం లోడ్ కాదు. లోడ్ లేకుండా ఊరికే తిరిగే ఇంజిన్ పెట్రోలు పెద్దగా తాగదు. పంపు సగం చచ్చినా ఐడ్లింగ్‌కి కావలసింది ఇస్తుంది. ఫిల్టర్ పూడినా అంతే. అడిగేది పెరిగినప్పుడే ఇవ్వలేనితనం బయటపడుతుంది.

ఇంకో సంగతి జాగ్రత్తగా వినండి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే బండి ఓపెన్ లూప్‌లోకి పోతుంది, `FUELSYS1` లో `OL` వస్తుంది. షార్ట్ టర్మ్ సున్నాకి వచ్చి కూర్చుంటుంది. రోగం పోయిందని అనుకోకండి. అప్పుడు ఆక్సిజన్ సెన్సర్ ఓల్టేజి చూడండి. పాత రకం సెన్సర్ ఉన్న బండి పూర్తిగా తొక్కినప్పుడు రిచ్‌లో ఉండాలి, 0.8 పైన నిలబడాలి. ఈ బండిలో 0.1, 0.2 దగ్గర పడి ఉంది. ట్రిమ్ మాట్లాడడం మానేసిన చోట ఆ ఓల్టేజి మాట్లాడుతుంది. వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఉన్న బండిలో ఈ ఓల్టు అంకెలు వర్తించవు, అక్కడ లాంబ్డా చూడాలి.

ఇప్పుడు గేజు. ముందు లైన్‌లో ఒత్తిడి దించి, టీ పెట్టి గేజు కట్టాం. గేజుని లోపలికి తెచ్చుకోకండి, పెట్రోలు లీకైతే క్యాబిన్‌లో ప్రాణాపాయం. పొడవు పైపుతో బయట అద్దం మీద టేపు వేసి కట్టండి. ఐడ్లింగ్‌లో 3.2 బార్, కంపెనీ చెప్పింది కూడా దాదాపు అంతే. ఎత్తు మీద 2.1 బార్. షెడ్డులో ఐడ్లింగ్‌లో మాత్రమే గేజు చూసి "ప్రెషర్ బాగుంది" అని రాసేసేవాళ్లకి ఈ బండి ఎప్పటికీ దొరకదు.

ఈ 2.1కి, ఆ 24కి లెక్క కుదురుతుందా? ఇంజెక్టర్ నుంచి వచ్చే పెట్రోలు ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. 2.1ని 3.2తో భాగిస్తే 0.66, దాని వర్గమూలం 0.81. అంటే అదే సమయం తెరిస్తే 81 శాతం పెట్రోలే వస్తోంది. లోటు పూడ్చాలంటే 23 శాతం ఎక్కువసేపు తెరవాలి. స్కానర్ 24 చూపింది. ఇలా రెండు వేర్వేరు పనిముట్లు ఒకే మాట చెబితే అప్పుడు పార్టు విప్పండి.

పంపు మార్చేద్దామా? ఆగండి. వెనక సీటు కింద పంపు కనెక్టర్ దగ్గర పంపు నడుస్తుండగా ఓల్టేజి చూశాం. బ్యాటరీ దగ్గర 13.9, పంపు దగ్గర 11.2. మధ్యలో 2.7 ఓల్టులు మాయం. పాజిటివ్ వైపు అర ఓల్టు పడుతోంది, మిగతా 2.2 ఎర్త్ వైపు. ఎర్త్ వైరు బాడీకి బిగించిన చోట తుప్పు. గీకి, బిగించి, మళ్లీ కొండ ఎక్కిస్తే 3.1 బార్ నిలబడింది. పంపు మార్చి ఉంటే? కొత్త పంపుకీ అదే 11.2 ఓల్టులే అందేవి.

(సభలోంచి ఒకరు: అన్నా, మాఫ్ సెన్సర్ మురికైనా లోడ్ మీదే ట్రిమ్ పెరుగుతుంది కదా?)

మంచి ప్రశ్న. పెరుగుతుంది. మురికి మాఫ్ ఎక్కువ గాలి వెళ్లేటప్పుడు తక్కువ చెబుతుంది, కాబట్టి ఈసీయూ తక్కువ పెట్రోలు వేస్తుంది, ట్రిమ్ పైకి పోతుంది. ఆకారం పెట్రోలు రోగంలాగే ఉంటుంది. విడదీయడానికి గాలి లెక్క వేయాలి. 1.5 లీటర్ల ఇంజిన్, 4000 ఆర్‌పీఎమ్, పూర్తిగా తొక్కి. రెండు చుట్లకి ఒకసారి 1.5 లీటర్లు పీలుస్తుంది కాబట్టి నిమిషానికి 3000 లీటర్లు, సెకనుకు 50 లీటర్లు. మన బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది, లీటరు గాలి బరువు దాదాపు 1.06 గ్రాములు. చెన్నైలో 1.15 దాకా ఉంటుంది. 50ని 1.06తో గుణిస్తే 53, సిలిండర్ పూర్తిగా నిండదు కాబట్టి 85 శాతం వేసుకుంటే 45 గ్రాములు. స్కానర్‌లో 40, 45 మధ్య కనిపిస్తే మాఫ్ నిజం చెబుతోంది, పెట్రోలు వైపు వెళ్లండి. 30 కనిపించి ట్రిమ్ ప్లస్‌లో ఉంటే మాఫ్ అబద్ధం చెబుతోంది. సైలెన్సర్ పూడుకున్నా 30 రావచ్చు, కానీ అప్పుడు గాలి నిజంగానే తక్కువ వెళ్తోంది, లెక్క తప్పలేదు, కాబట్టి ట్రిమ్ పెద్దగా కదలదు. చెన్నై అంకెలు పట్టుకొచ్చి ఇక్కడ పెట్టి మంచి మాఫ్‌ని పారేసినవాళ్లు ఉన్నారు, అందుకే ఊరు ఎత్తు చెప్పాను.

(ఇంకొకరు: మా దగ్గరకి వచ్చేవన్నీ చిన్న కార్లు సార్. మాఫ్ ఉండదు, మ్యాప్ ఉంటుంది. వాటిలోనూ ఇంతేనా?)

ఇంతే అనుకుంటేనే ప్రమాదం. మ్యాప్ సెన్సర్ మెనిఫోల్డ్ లోపలి ఒత్తిడి కొలుస్తుంది. గాలి ఫిల్టర్ గుండా వచ్చినా, పగిలిన పైపు గుండా వచ్చినా దానికి ఒకటే. లీకు వల్ల ఒత్తిడి పెరిగితే ఈసీయూ ఆ గాలికి తగిన పెట్రోలు తానే వేసేస్తుంది. ట్రిమ్ ప్లస్ 2, 3 దగ్గర ప్రశాంతంగా ఉంటుంది. రోగం వేరే చోట కనిపిస్తుంది. ఐడ్లింగ్ 750 ఉండాల్సింది 1100 దగ్గర నిలబడుతుంది, దింపడానికి ఈసీయూ థ్రోటిల్‌ని ఎంత వీలైతే అంత మూసేసి ఉంటుంది, మ్యాప్ కూడా మామూలు కన్నా ఎక్కువ. ఇంజిన్ ఆపి కీ ఆన్ చేస్తే ఇక్కడ మ్యాప్ 91, 92 కిలోపాస్కల్స్ చూపాలి, చెన్నైలో 101. ఐడ్లింగ్‌లో ఏసీ ఆపి 30, 35 ఉండే బండి 45 చూపిస్తే గాలి ఎక్కడినుంచో వస్తోంది. లేదంటే టైమింగ్ తప్పి ఉండాలి, అదీ గుర్తుంచుకోండి.

ఒక మినహాయింపు ఉంది. లీకు ఒక సిలిండర్ పోర్టుకి ఆనుకుని ఉంటే, అంటే ప్యాకింగ్ అక్కడే పోతే, ఆ సిలిండర్ ఒక్కటే ఎక్కువ గాలి తాగి లీన్ అవుతుంది. అప్పుడు మ్యాప్ బండిలో కూడా ట్రిమ్ కొంత ప్లస్‌కి పోయి, ఐడ్లింగ్‌లో ఆ సిలిండర్ మిస్ అవుతుంది. ఇది తప్పిస్తే, మ్యాప్ బండిలో ట్రిమ్ గట్టిగా ప్లస్‌లో ఉంటే నేను ముందు పెట్రోలు ఒత్తిడే చూస్తాను. పెట్రోలు తక్కువైతే మ్యాప్‌కీ మాఫ్‌కీ తేడా లేదు, రెండింటిలోనూ ట్రిమ్ పైకే పోతుంది.

అన్ని చోట్లా ఒకేలా ప్లస్ ఉన్న బండి కూడా వస్తుంది. ఐడ్లింగ్‌లో 6, లోడ్ మీద 6. ఈ మధ్య ఇవి ఎక్కువయ్యాయి. కొంతవరకు కారణం ఇ20. ఈ ఊళ్లోనే 2023 ఫిబ్రవరిలో దాన్ని మొదలుపెట్టారు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే గాలికి ఎక్కువ పెట్రోలు కావాలి. ఇ10కి లెక్క కట్టిన బండిలో ఇ20 పోస్తే ట్రిమ్ దాదాపు 4 శాతం పైకి జరుగుతుంది. అది రోగం కాదు. కానీ ఆ 4 మీద చిన్న లీకు కూడితే ముందు పడని కోడ్ ఇప్పుడు పడుతుంది. అన్ని చోట్లా 15 ఉంటే మాత్రం రెగ్యులేటర్ మొత్తానికే తక్కువ ఇస్తోందా, ఇంజెక్టర్లు పూడాయా, సెన్సర్‌కి ముందు ఎగ్జాస్ట్ లీకైందా అని చూడాలి. ఎగ్జాస్ట్ లీకులోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుని సెన్సర్‌కి తప్పుడు లీన్ చూపిస్తుంది.

(ఇంకొకరు: రిపేర్ అయ్యాక ఎంతసేపటికి ట్రిమ్ దిగాలి?)

షార్ట్ టర్మ్ వెంటనే దిగుతుంది. లీకు మూసిన కొన్ని సెకన్లలోనే మైనస్‌కి పోతుంది, ఎందుకంటే పాత లాంగ్ టర్మ్ ఇంకా ఎక్కువ పెట్రోలు వేస్తూనే ఉంటుంది. అప్పుడు కంగారు పడి రిచ్ అయిందని ఇంకో పార్టు ముట్టుకోకండి. మొత్తం కూడండి, సున్నా దగ్గర ఉంటే పని అయినట్టే. తర్వాత కోడ్ చెరిపి, ఏ పరిస్థితిలో కోడ్ పడిందో అదే పరిస్థితిలో నడపండి. మారతహళ్లి బండిని సిగ్నళ్లలో నిలబెట్టి చూడాలి, చిక్కబళ్లాపురం బండిని కొండ ఎక్కించి చూడాలి. నేర్చుకున్న అంకెలు లోడ్, ఆర్‌పీఎమ్‌ని బట్టి విడివిడి గళ్లలో ఉంటాయి కాబట్టి, ఆ గడిలోకి బండి వెళ్లకపోతే ఆ అంకె మారదు. ఐడ్లింగ్‌లో నిలబెట్టి పెట్రోలు పంపు రిపేరు పరీక్షించి బండి ఇచ్చేస్తే, కస్టమర్ నంది దాకా వెళ్లి ఫోన్ చేస్తాడు.